వేరు కాపురం పెట్టండి, కానీ నడిచి వెళ్లేంత దూరంలో

మా చుట్టాల్లో పెళ్లి కుదిరిందంటే చాలు, పెళ్లయ్యాక కలిసుంటారా వేరు కాపురమా అని అందరూ అడుగుతారు. అడిగేవాళ్లు అప్పటికే రెండు జట్లుగా చీలిపోయి ఉంటారు. పెద్దవాళ్లు లేకుండా పిల్లల్ని ఎలా పెంచుతారు అనేది ఒక జట్టు, పెళ్లయ్యాక కూడా అడుగడుగునా ఇంకొకళ్ల కళ్లలో పడి బతకాలా అనేది ఇంకో జట్టు. రెండు మాటల్లోనూ నిజం ఉంది, అందుకే ఈ వాదన ఏళ్ల తరబడి తెగట్లేదు. నేననేది ఏంటంటే, పిల్లల్ని చూసుకునే సాయం మనకి కావాల్సిన టైం వేరు, మన ఏకాంతం మనకి కావాల్సిన టైం వేరు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కాదు, ఒకే ఫ్లాట్‌లో కుక్కడం వల్లే అడ్డం అవుతున్నాయి.

ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంటి గురించే మాట్లాడుతున్నాను, మాది అదే కాబట్టి. మేం హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఉంటాం, అత్తయ్య మామయ్యలది సత్తుపల్లి దగ్గర ఊరు, మామయ్య స్కూల్ టీచర్‌గా చేసి రిటైరయ్యారు, మాకు ఒక పాప.

ముందు సాయం సంగతి. పెద్దవాళ్లు ఉంటే పిల్లల్ని చూసుకుంటారు అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు గానీ అందులో వేర్వేరు పనులు ఉన్నాయి, పాప వయసుని బట్టి మారిపోతూ ఉంటాయి. మొదటి కాన్పు పుట్టింట్లో చెయ్యడం మన దగ్గర ఆనవాయితీ కాబట్టి, పుట్టిన తర్వాత మూడో నెలో ఐదో నెలో వచ్చేదాకా భారం మొత్తం అమ్మ మీదే ఉంటుంది. నలుగుపిండి పెట్టి కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోయడం, సాంబ్రాణి వెయ్యడం, రాత్రి పాప లేస్తే పాలు పట్టి ఇచ్చాక భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా తిరగడం. ఈ దశలో సాయం రాత్రిపూట కూడా కావాలి, ఒళ్లు పచ్చిగా ఉన్న మనిషికి నిద్ర కావాలి, అప్పుడు పెద్దవాళ్లు అదే ఇంట్లో ఉండాల్సిందే, ఏకాంతం గురించి ఆ టైంలో ఎవరికీ గుర్తు కూడా రాదు. ఇందులో నాకు ఎవరితోనూ వాదన లేదు.

వాదన మొదలయ్యేది లీవ్ అయిపోయేటప్పుడు. 2017లో మెటర్నిటీ చట్టం మార్చారు కదా, మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల జీతంతో సెలవు, అందులో కాన్పుకి ముందు 8 వారాల దాకా వాడుకోవచ్చు. అంటే ముందు ఒక నెల వాడుకున్న వాళ్లకి పాపకి ఐదో నెల దాటేసరికే ఆఫీసు పిలుపు వస్తుంది. తల్లిపాలు ఒక్కటే ఆరు నెలలు పట్టమని డాక్టర్లు చెప్తారు, సరిగ్గా అది పూర్తవుతూ అన్నప్రాశన దగ్గరకి వస్తున్న టైంలోనే ఇల్లు వదిలి వెళ్లాలి. అదే చట్టంలో 50 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేసే చోట క్రెష్ ఉండాలని, తల్లి రోజుకి నాలుగు సార్లు వెళ్లి చూసుకోవచ్చని కూడా ఉంది, కానీ నాకు తెలిసిన చాలామంది ఆఫీసుల్లో అది ఎక్కడో పది కిలోమీటర్ల అవతల డేకేర్‌తో ఒప్పందం కాగితం మాత్రమే. ఆరు నెలల పిల్లని పొద్దున్నే ట్రాఫిక్‌లో అక్కడికి మోసుకెళ్లడం ఎవరివల్లా కాదు. అందుకని చివరి రెండు వారాల్లో హడావుడిగా ఊరికి ఫోన్ చేస్తారు, అత్తగారో అమ్మో బ్యాగు సర్దుకుని వచ్చేస్తారు, ఎన్నాళ్లు ఉంటారు ఎక్కడ పడుకుంటారు ఏం చేస్తారు అనేది ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోరు. కలిసుండే కాపురాలు ఇప్పుడు సిటీలో ఎక్కువగా ఇలాగే మొదలవుతున్నాయి, ఎవరూ ఆలోచించి తీసుకున్న నిర్ణయం కాదు, లీవ్ అయిపోవడం వల్ల వచ్చిన పరిస్థితి.

ఆ తర్వాత నానమ్మ చేసే పని ఎంతో ఒకసారి లెక్క వేసి చూడండి. పొద్దున ఎనిమిదిన్నరకి మనం బయల్దేరితే సాయంత్రం ఏడుకి వస్తాం, అంటే పదిన్నర గంటలు, వారానికి ఐదు రోజులకి యాభై గంటలు దాటుతుంది. ఇది ఫుల్ టైం ఉద్యోగం కంటే ఎక్కువ, చేసేది అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు, బీపీ టాబ్లెట్. ఏడు గంటలకి మనం వచ్చాక ఆవిడ డ్యూటీ దిగుతుందా అంటే, అదే ఇంట్లో ఉంది కాబట్టి దిగదు. పాప ఏడిస్తే ముందు లేచేది ఆవిడే, మనం స్నానానికి వెళ్తే పట్టుకునేది ఆవిడే, రాత్రి వంట కూడా ఎలాగూ చేస్తూనే ఉంటుంది. అసలు కంటే వడ్డీ ముద్దు అంటారు, నిజమే, ముద్దే. ఆ ముద్దు వల్లే ఆవిడ నోరు తెరిచి నాకు కష్టంగా ఉంది అని చెప్పదు. మా అత్తయ్య అయితే ఊళ్లో వరసగా పెళ్లిళ్లు మానేశారు, కార్తీకమాసంలో గుడికి వెళ్లడం మానేశారు, అడిగితే నాకేం పనుంది ఇక్కడ ఖాళీగానే ఉన్నాగా అనేవారు. టాబ్లెట్ల షీట్ చూస్తే అందులో ఉండకూడనన్ని మిగిలి ఉన్నాయి, మధ్యాహ్నం పాపతో పాటు నిద్రపోయి మర్చిపోయేవారట. నా దృష్టిలో పెద్దవాళ్ల మీద భారం ఎక్కువైందని తెలుసుకోడానికి ఇవే గుర్తులు, వాళ్ల నోటితో చెప్పించుకోవాలని చూస్తే ఎప్పటికీ తెలీదు.

ఇంకోటి కూడా చెప్పాలి, దీన్ని ఎవరూ పెద్దగా మాట్లాడరు. కలిసున్న ఇంట్లో నానమ్మ సాయం తల్లికి అందుతుంది అనుకుంటాం, జరిగేది ఏంటంటే చాలా ఇళ్లల్లో అది తండ్రి చెయ్యాల్సిన వాటాని తీసేస్తుంది. అమ్మ ఉందిగా అనే మాట మగవాళ్లకి చాలా తేలిగ్గా వస్తుంది, అమ్మ కూడా కొడుకు డైపర్ మారుస్తుంటే చూడలేదు, ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చాడు నేను చేస్తాలే అంటుంది. కోడలు కూడా అదే టైంకి అదే ట్రాఫిక్‌లో వచ్చింది, ఆ మాట ఆవిడకి ఎవరూ అనరు. కోడలి పని పెద్దగా తగ్గదు, అత్తగారి పని పెరుగుతుంది, మధ్యలో తండ్రి మాత్రం పాపకి ఏ పాటకి నిద్ర వస్తుందో ఏ పక్కకి తిప్పితే ఏడుపు ఆపుతుందో తెలియకుండానే ఏడాది గడిపేస్తాడు. మా ఆయన సంగతే చెప్తున్నా, అత్తయ్య వాళ్లు వేరే ఇంటికి మారాకే సాయంత్రం స్నానం ఆయన వంతు అయింది, ఇప్పుడు పాప ఆయన పోస్తేనే పోయించుకుంటుంది.

ఇక ఏకాంతం సంగతి. ఈ మాట అనగానే పెద్దవాళ్లు పడకగది గురించి అనుకుని ముఖం తిప్పేసుకుంటారు, అది కూడా ఉంది, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో మన గది తలుపు హాల్లోకే తెరుచుకుంటుంది, హాల్లో దీవాన్ మీద మామయ్య పడుకుని ఉంటారు, రాత్రి పదింటికి లోపల గడియ పెడితే ఆ చప్పుడు ఇల్లంతా వినిపిస్తుంది. ఆ చప్పుడు అవుతుందని గడియ పెట్టడం మానేసిన జంటలు ఎంతమందో. కానీ నాకు అంతకంటే ఎక్కువ ఇబ్బంది అనిపించేది పోట్లాడుకోలేకపోవడం. మొగుడూ పెళ్లాం అన్నాక డబ్బు దగ్గరో చుట్టాల దగ్గరో మాటా మాటా అనుకుంటారు, గంటలో సర్దుకుంటారు, అది మామూలు సంగతి. పక్కగదిలో తల్లిదండ్రులు ఉంటే ఆ మాట గొంతులోనే ఆగిపోతుంది, లేకపోతే బయటికొచ్చి అందరి గొడవ అవుతుంది, మనం సర్దుకున్నాక కూడా వాళ్ల మనసులో ఉండిపోతుంది. ఒకే ఇంట్లో పక్కపక్క గదుల్లో ఉండి వాట్సాప్‌లో పోట్లాడుకునే వాళ్లు నాకు తెలుసు, కూరగాయల వంకతో బండి మీద బయటికి వెళ్లి రోడ్డు పక్కన ఆపుకుని మాట్లాడుకుని వచ్చేవాళ్లూ తెలుసు. మాట్లాడుకోవాలంటే బయటికి వెళ్లాల్సి వస్తుందంటే ఆ ఇల్లు మీకు చిన్నదైపోయినట్టే, ఎన్ని చదరపు అడుగులున్నా సరే.

పైగా ఏకాంతం కోడలికి మాత్రమే కావాల్సిన వస్తువులాగా మాట్లాడతారు, అది నాకు అస్సలు నచ్చదు. మామయ్య నలభై ఏళ్లు తన ఇంట్లో తన కుర్చీలో కూర్చుని సౌండ్ పెట్టుకుని వార్తలు చూసిన మనిషి, మా హాల్లో పాప నిద్రపోతోందని టీవీ మ్యూట్‌లో పెట్టి కింద వచ్చే అక్షరాలు చదువుకునేవారు. అత్తయ్యకి తన వంటగది అంటూ లేదు, ఏ డబ్బాలో ఏం ఉందో నన్ను ఫోన్ చేసి అడగాల్సి వచ్చేది. వాళ్ల ఫ్రెండ్ ఎవరైనా వస్తే కూర్చోబెట్టడానికి మొహమాటం. వాళ్లు మాకు సాయం చెయ్యడానికి వచ్చి సొంత ఇల్లు లేనివాళ్లు అయిపోయారు.

ఇప్పుడు గడియారం చూడండి. సాయం కావాల్సింది పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఏడు దాకా. మన ఇల్లు మనకి కావాల్సింది సాయంత్రం ఏడు నుంచి పొద్దున ఎనిమిదిన్నర దాకా. ఆరు నెలలు దాటి, పాప రాత్రి ఒకటి రెండు సార్లకి మించి లేవడం లేదంటే ఈ రెండూ కలవాల్సిన అవసరమే లేదు. అందుకే మేం పక్క వీధిలో ఒక సింగిల్ బెడ్‌రూం పోర్షన్ అద్దెకి తీసుకున్నాం, గ్రౌండ్ ఫ్లోర్, మా ఇంటికి ఆరేడు నిమిషాల నడక. అత్తయ్య మామయ్య అక్కడ, మేం ఇక్కడ. అద్దె పదమూడు వేలు. పగలు మాత్రమే ఉండే ఆయాని పెట్టుకుందామంటే అప్పట్లో మా ఏరియాలో పదిహేను నుంచి పద్దెనిమిది వేలు అడుగుతున్నారు, కాబట్టి డబ్బుల లెక్కలో కూడా ఇది తల తిరిగేంత ఖర్చేమీ కాదు.

ఇందులో అసలు కీలకం ఏంటంటే, నానమ్మ మన ఇంటికి రాకూడదు, పాపే నానమ్మ ఇంటికి వెళ్లాలి. చూడ్డానికి చిన్న తేడాలా ఉంటుంది, మొత్తం ఇక్కడే ఉంది. నానమ్మ రోజూ మన ఇంటికి వస్తే మన బీరువాలు, మన సింకులో గిన్నెలు, మనకొచ్చిన పార్సిళ్లు అన్నీ ఆవిడ కళ్లముందే, ఆవిడకేమో పదిన్నర గంటలు పరాయి వంటగది. పాప వాళ్లింటికి వెళ్తే అక్కడ ఆవిడే యజమాని, ఉయ్యాల ఆవిడకి నచ్చిన చోట కట్టుకుంటుంది, టీవీ ఎప్పుడు పెట్టాలో ఆవిడ ఇష్టం, పక్కింటావిడ వచ్చి కూర్చుంటే కబుర్లు చెప్పుకుంటూ పాపకి గోరుముద్దలు పెడుతుంది. మనం పొద్దున దింపేటప్పుడు చెప్పాల్సింది చెప్తాం, సాయంత్రం తీసుకొచ్చేస్తాం, మనం గడప దాటగానే ఆవిడ డ్యూటీ అయిపోయింది, కాళ్లు చాపుకుని సీరియల్ చూసుకోవచ్చు.

ఇది వినడానికి ఉన్నంత సాఫీగా నడిచిందని చెప్పను. మొదట వచ్చిన చిక్కు రాత్రి భోజనం దగ్గర. ఎలాగూ వస్తున్నారు కదా తిని వెళ్లండి అని అత్తయ్య రోజూ వండి ఉంచేవారు, ప్రేమే, కాదనలేం, కానీ నెల తిరిగేసరికి ఏడింటికి వెళ్లి తొమ్మిదిన్నరకి బయటపడుతున్నాం, ఆవిడకి రెండు పూటలా నలుగురికి వంట, మాకు ఇల్లు పడుకోడానికి మాత్రమే. అంటే వేరు కాపురం పేరుకే, పొయ్యి మళ్లీ ఒకటైపోయింది. మా ఆయన వాళ్లమ్మతో కూర్చుని మాట్లాడి బుధవారం, ఆదివారం మాత్రం అక్కడ తింటాం, మిగతా రోజులు ఎవరింట్లో వాళ్లు అని పెట్టుకున్నారు. ఈ మాట కొడుకే మాట్లాడాలి, కోడలు మాట్లాడితే అదే మాట ఇంకోలా వినిపిస్తుంది, ఎంత మంచి అత్తగారైనా సరే.

రెండోది తిండీ మందులూ. ఏడాది లోపు పిల్లలకి తేనె నాకించకూడదు, బాట్యులిజం అనే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది, ఇది పాతకాలం పద్ధతి కొత్త పద్ధతి అనే గొడవ కాదు, డాక్టర్ గట్టిగా చెప్పిన విషయం. ఉప్పు చక్కెర కూడా మొదటి ఏడాది వద్దన్నారు. అత్తయ్య చేసే ఉగ్గు మాత్రం డాక్టరే బావుందన్నారు, బియ్యం, పెసరపప్పు, కందిపప్పు విడివిడిగా దోరగా వేయించి కొంచెం జీలకర్ర, వాము వేసి పట్టించిన పిండి, పల్చగా ఉడికించి కాస్త నెయ్యి. నేను బజార్లో కొనే డబ్బా పొడి కంటే అదే మేలు. అందుకని ఒక ఒప్పందానికి వచ్చాం, మందులు, టీకాలు, ఏడాదిలోపు పెట్టకూడనివి, తినిపించేటప్పుడు ఫోన్ చూపించకపోవడం, ఈ నాలుగూ మేం చెప్పినట్టు, మిగతా అంతా ఆవిడ ఇష్టం. కాటుక విషయంలో కళ్లలో వద్దు అరికాలికి పెట్టండి అన్నాం, సరే అన్నారు. నేను ప్రతి చిన్నదానికీ అడ్డం చెప్పి ఉంటే ఆ నాలుగూ కూడా వినేవారు కాదు. పిల్లని పదిన్నర గంటలు చూసే మనిషికి నిర్ణయం తీసుకునే హక్కు కూడా అంతో ఇంతో ఉండాలి, సాయం మాత్రం కావాలి మాట మాత్రం పడకూడదు అంటే కుదరదు.

మూడోది సెలవులు. శని ఆదివారాలు పాప మా దగ్గరే, అత్తయ్యకి పూర్తి సెలవు, ఊళ్లో పెళ్లో పేరంటమో ఉంటే వారం ముందు చెప్తారు, మా ఇద్దర్లో ఒకరం లీవ్ పెడతాం. పది నుంచి రెండు దాకా ఒక పనమ్మాయిని పెట్టాం, ఉతకడం, గిన్నెలు, పాపని ఎత్తుకోవడం. ఆ జీతం, ఇంటి అద్దె మేం ఇస్తాం. మామయ్య మొదట్లో అస్సలు ఒప్పుకోలేదు, నాకు పెన్షన్ వస్తోంది, కొడుకు దగ్గర అద్దె తీసుకుని బతకాలా అన్నారు. చివరికి కరెంటు, సరుకులు ఆయనవి, అద్దె మాది అని కుదిరింది. డబ్బు సంగతి మొహమాటపడి వదిలేస్తే తర్వాత ఎక్కడో ఒకచోట పుండవుతుంది, మొదటి నెలలోనే తేల్చుకోవడం మంచిది.

వేరు కాపురం అనగానే కొడుకుని తల్లిదండ్రుల నుంచి విడదీస్తోంది అనే మాట కోడలి మీద పడుతుంది. 2016లో ఒక విడాకుల కేసులో సుప్రీంకోర్టు కూడా, సరైన కారణం లేకుండా భర్తని అతని సంపాదన మీద ఆధారపడిన తల్లిదండ్రుల నుంచి వేరుపడమని భార్య పట్టుబట్టడం క్రూరత్వం కిందకి వస్తుందని చెప్పింది. ఆ తీర్పు పట్టుకుని చూశావా అని వాదించే వాళ్లు ఆ షరతులు చదవరు, సరైన కారణం లేకుండా అని ఉంది, ఆధారపడిన తల్లిదండ్రులు అని ఉంది. పక్క వీధిలో అద్దె కట్టి పెట్టుకుని రోజూ రెండు పూటలా కలుస్తూ వాళ్లకి జ్వరమొస్తే పది నిమిషాల్లో వెళ్లే ఏర్పాటుని విడదీయడం అని ఎలా అంటారు? అదే మన ఊళ్లనుంచి అమెరికా వెళ్లినవాళ్లు అమ్మానాన్నల్ని విజిటర్ వీసా మీద ఆరు నెలలు, తర్వాత అత్తమామల్ని ఆరు నెలలు పిలిపించుకుంటే అబ్బో ఎంత బాగా చూసుకుంటున్నారో అంటారు. అక్కడ పెద్దవాళ్లకి కారు నడపడం రాదు, చలికాలమైతే గడప దాటలేరు, ఆర్నెల్లు పిల్లాడితో నాలుగు గోడల మధ్య. సాయం పేరుతో చేసేవాటిలో నాకు అన్నిటికంటే బాధనిపించేది అదే, కానీ దాన్ని ఎవరూ తప్పు పట్టరు.

ఇది అందరికీ కుదరదు, ఆ మాటా చెప్పాలి. అత్తగారో మామగారో ఒక్కరే మిగిలితే ఆ మనిషిని వేరే పోర్షన్‌లో రాత్రిపూట ఒంటరిగా ఉంచడం నేను ఒప్పుకోను, అప్పుడు కలిసే ఉండాలి, వాళ్లకంటూ ఒక గది, తలుపు ఉండేలా చూసుకోవాలి. ఊళ్లో పొలం, గేదెలు ఉన్నవాళ్లని సిటీకి లాక్కురావడం కూడా అన్యాయమే, వాళ్లకి డేకేరే దారి. రెండు అద్దెలు కట్టే స్తోమత లేనివాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకి ఒకే ఇంట్లో అయినా చేసుకోదగ్గది ఒకటుంది: సాయంత్రం మనం రాగానే పాప పూర్తిగా మన చేతికి రావాలి, స్నానం, అన్నం, నిద్ర ముగ్గురూ మన గదిలో, పెద్దవాళ్లు ఆ టైంలో కిందకో గుడికో పార్కుకో వెళ్లొచ్చే అలవాటు. గంటన్నర దొరికినా ఇద్దరికీ ఊపిరాడుతుంది. మరి అత్తగారితో సఖ్యత లేక అమ్మని పిలిపించుకునే వాళ్లకీ ఇదే వర్తిస్తుంది, అమ్మ అయితే ఏం ఫర్లేదు అనుకుంటాం గానీ అప్పుడు ఊపిరాడనిది అల్లుడికి, నోరు తెరవలేనిది అమ్మ.

పాప నడక నేర్చి పరిగెత్తడం మొదలుపెట్టాక అత్తయ్యకి వెనకాల తిరగడం కష్టమైంది, రెండేళ్లు దాటాక పొద్దున పూట ప్లే స్కూల్లో వేశాం, ఇప్పుడు మామయ్య పన్నెండింటికి నడిచెళ్లి తీసుకొస్తారు, మధ్యాహ్నం మాత్రమే వాళ్ల దగ్గర. మొన్న మామయ్యకి కంటి శుక్లం ఆపరేషన్ అయితే చుక్కల మందు వెయ్యడానికి రోజూ పొద్దున్నా సాయంత్రం మా ఆయన వెళ్లొచ్చాడు, మధ్యలో రెండుసార్లు అత్తయ్య వేశారు. ఇంకో నాలుగేళ్లకి వాళ్లు పాపని చూసే అవసరం ఉండదు, మేం వాళ్లని చూసే అవసరం పెరుగుతుంది, అప్పుడు పోర్షన్ ఖాళీ చేసి మా అపార్ట్‌మెంట్‌లోనే కింది ఫ్లోర్‌లో ఏదైనా ఫ్లాట్ ఖాళీ అయితే తీసుకుందామని అనుకుంటున్నాం, వాచ్‌మన్‌కి ఇప్పటికే చెప్పి ఉంచాం.